‘మేక’లో ఏత్వం, ‘మేకు’లో ఏత్వం

‘మేక’, ‘మేకు’ అని పైకి అనండి. రాతలో ఏత్వం ఒకటే. కానీ ‘మేక’ అన్నప్పుడు చాలామందికి దవడ కాస్త ఎక్కువ దిగుతుంది. తర్వాతి అక్షరంలోని అకారం ముందున్న అచ్చును తనవైపు లాగుతుంది. శ్రీకాకుళం పల్లెల్లో ఈ దిగుడు ఎంత? భాషాశాస్త్రం ఎం.ఏ. విద్యార్థి తన గైడుకు లేఖ రాయడానికి ఈ ఒక్క ప్రశ్న చాలు.

“మేడమ్, ఊళ్లోనే పుట్టి పెరిగిన పదిమంది ఆడవాళ్ల మాట రికార్డు చేస్తాను. రాసిచ్చి చదివిస్తే బడి ఉచ్చారణ వస్తుంది కనుక బొమ్మలు చూపి, ‘దీన్ని మేక అంటారు’ వంటి ఒకే రకం వాక్యంలో చెప్పమంటాను” అని రాస్తే పద్ధతి తెలిసినట్టే.

తర్వాత కొలత. దవడ దిగేకొద్దీ నోటి మొదటి అనునాదం, అంటే మొదటి ఫార్మెంట్, పెరుగుతుంది. దాన్ని ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ హెర్ట్జ్‌లలో చూపుతుంది. ఆడగొంతుకు పరిమితి సుమారు 5500 హెర్ట్జ్ పెట్టాలి. మగగొంతుకు వాడే 5000 వద్దే వదిలేస్తే అంకెలు తప్పవచ్చు. ఎర్రచుక్కలు నల్లని పట్టీల మీద కూర్చోకపోవడమే గుర్తు.

గైడు మొదట పట్టుకునేది ‘మ’నే. ముక్కుగాలి పక్క అచ్చులోకి పాకి ఆ కొలతనే చెడగొడుతుంది. అందుకే జాబితాలో ‘వేప’, ‘వేపు’ కూడా ఉండాలి.