గుంపు ఫోటోలో ఉన్నది ఆయనేనా? ఒక టోపీ, మూడు అక్షరాలు, ఒక తప్పు పేరు

ఈ రోజు ఎపిసోడ్‌లో ఒకే ఒక్క ప్రశ్న. వందల మంది ఉన్న ఫోటోలో ఒక ముఖం చుట్టూ ఎర్ర సున్నా గీసి, "ఇతను ఫలానా వ్యక్తి" అని మీ గ్రూపులో ఎవరో పెట్టారు. అది నిజమా కాదా అని ఒక జర్నలిస్ట్ ఎలా తేలుస్తాడు? దీనికి ఒక నిజమైన కేసు తీసుకుందాం.

2021 జనవరి 6. అమెరికా పార్లమెంటు భవనం, అంటే వాషింగ్టన్‌లోని క్యాపిటల్ మీద గుంపు దాడి చేసింది. ఆ గుంపులోంచి ఒకడు పోలీసుల మీదకి ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ విసిరాడు. అది హెల్మెట్ లేని ఆఫీసర్‌తో సహా ముగ్గురికి తగిలింది. వీడియోలో కనిపించింది ఇంతే: గడ్డం ఉన్న ఒక నడివయసు మనిషి, తలకి ఉన్ని టోపీ, దాని మీద ఇంగ్లిష్‌లో సీఎఫ్‌డీ అనే మూడు అక్షరాలు.

ఆన్‌లైన్‌లో జనం వెంటనే లెక్క కట్టేశారు. సీఎఫ్‌డీ అంటే షికాగో ఫైర్ డిపార్ట్‌మెంట్. అక్కడ రిటైరైన ఒకాయనకి గడ్డం ఉంది, పోలికలూ ఉన్నాయి. ఇంకేముంది, ఆయన పేరు వేల సార్లు షేర్ అయింది. బెదిరింపు ఫోన్లు మొదలయ్యాయి. పైగా ఆ రోజుల్లో ఒక ఆఫీసర్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ దెబ్బకే చనిపోయాడని వార్తలు వచ్చాయి. అది తప్పని తర్వాత తేలింది. కానీ అప్పటికి మాత్రం షికాగో ఆయన మీద పడిన మాట ఏంటంటే, హంతకుడు అని.

ఇప్పుడు అసలు పద్ధతి చూద్దాం. ఇక్కడ రెండు వేరు వేరు ప్రశ్నలున్నాయి. ఒకటి, ఈ ఫోటో నిజంగా ఆ చోట, ఆ రోజు తీసిందేనా? రెండు, అందులో ఉన్న మనిషి ఎవరు? మొదటిది తేలితే రెండోది కూడా తేలిపోయినట్టే అని మనం అనుకుంటాం. తప్పు అక్కడే జరుగుతుంది.

మెటాడేటా: ఎక్కడ, ఎప్పుడు

ఫోన్‌తో ఫోటో తీస్తే బొమ్మతో పాటు సమయం, ఫోన్ మోడల్, లొకేషన్ ఆన్‌లో ఉంటే జీపీఎస్ కూడా ఫైల్‌లో రికార్డవుతాయి. చూడాలంటే ఒక్క లైన్ చాలు:

```
exiftool -DateTimeOriginal -OffsetTimeOriginal -GPSPosition photo.jpg
```

చిక్కేంటంటే, వాట్సాప్‌లో ఫోటోగా పంపినా, ఫేస్‌బుక్‌లో పెట్టినా ఈ వివరాలు పోతాయి. స్క్రీన్‌షాట్‌లో అసలే ఉండవు. అందుకే జర్నలిస్ట్ ముందు అడిగేది "ఇది తీసింది ఎవరు? ఒరిజినల్ ఫైల్ ఇస్తారా?" అని. మెటాడేటా లేదంటే ఫోటో ఫేక్ అని కాదు, చేతులు మారి వచ్చిందని మాత్రమే.

జనవరి 6న ఒక అరుదైన పరిస్థితి ఏర్పడింది. పార్లర్ అనే యాప్ తన వీడియోల్లోంచి జీపీఎస్ వివరాలు తీసేయలేదు. వాటిని కొందరు ముందే సేవ్ చేసి పెట్టారు. ప్రొపబ్లికా అనే వార్తా సంస్థ వాటిలో 500కి పైగా వీడియోలని సమయం ప్రకారం వరుసలో పెట్టి చూపించింది.

టైమ్ చదివేటప్పుడు కూడా జాగ్రత్త కావాలి. వాషింగ్టన్‌లో మధ్యాహ్నం 2:30కి తీసిన వీడియో ఫైల్‌లో 19:30 అని కనిపించొచ్చు. చాలా ఫోన్లు వీడియో సమయాన్ని యూటీసీలో రాస్తాయి, జనవరిలో వాషింగ్టన్ దానికి 5 గంటలు వెనకుంటుంది. మన టైమ్‌లో అయితే అది జనవరి 7, రాత్రి ఒంటి గంట. తేదీ మారింది కదా అని అబద్ధం అనేయకూడదు. ఇంకోటి, ఈ వివరాలని ఎవరైనా మార్చి రాయగలరు. అందుకే మెటాడేటాని ఒక సాక్షి చెప్పిన మాటలా చూడాలి. వింటాం, కానీ వేరే దారిలో సరిచూస్తాం.

గుర్తులు: బొమ్మలో ఉన్నదే సాక్ష్యం

ఆ వేరే దారి వెనక కనిపించే వస్తువులు. క్యాపిటల్‌కి పడమర వైపు, జనవరి 20న కొత్త ప్రెసిడెంట్ ప్రమాణ స్వీకారం కోసం అప్పటికే స్టేజీ కడుతున్నారు. ఫోటోలో ఆ మెట్లు, పరంజా కనిపిస్తే అది పడమర వైపు, ప్రమాణ స్వీకారానికి ముందు రోజులు. కానీ ఆ స్టేజీ నాలుగేళ్లకోసారి కడతారు, కాబట్టి అదొక్కటే చాలదు. జనం ముఖాలకి మాస్కులు, చేతుల్లో ఆ ఎన్నిక బ్యానర్లు కూడా కలిస్తే సంవత్సరం తేలుతుంది.

మన దగ్గర ఉదాహరణ చెప్పాలంటే బండి నంబర్ ప్లేట్. తెలంగాణలో 2024 మార్చి నుంచి కొత్త బండ్లకి టీఎస్ బదులు టీజీ వస్తోంది. "2022 ర్యాలీ" అని చెప్పిన ఫోటోలో టీజీ ప్లేట్ కనిపిస్తే ఆ మాట అబద్ధం. టీఎస్ కనిపిస్తే మాత్రం ఏమీ తేలదు, పాత బండ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. చాలా గుర్తులు ఇంతే: కాదని గట్టిగా చెప్తాయి, అవునని మెల్లగా చెప్తాయి.

మనిషి ఎవరు: ఇక్కడే అందరూ జారిపడేది

చోటు, సమయం సరిపోయాయి. మరి మనిషి? టోపీ మనిషి విషయంలో వీడియో నిజమే, చోటు నిజమే, తప్పయింది పేరు ఒక్కటే. సీఎఫ్‌డీ అక్షరాలు షికాగోకే కాదు, సిన్సినాటి, కొలంబస్, షార్లెట్ ఫైర్ డిపార్ట్‌మెంట్లకి కూడా సరిపోతాయి. జర్నలిస్ట్ అయితే ముందు ఆ లిస్ట్ రాసుకుంటాడు. తర్వాత అదే మనిషిని వేరే కెమెరాల్లో వెతుకుతాడు. ముఖం కంటే బట్టలు, బ్యాగు, టోపీ పట్టుకుని, ముందు ఎక్కడున్నాడు, తర్వాత ఎటు వెళ్లాడు అని చూస్తాడు.

ఆ తర్వాత అసలైన పని: పేరు వచ్చిన మనిషికి ఫోన్ చేసి "ఆ రోజు మీరెక్కడ ఉన్నారు?" అని అడగడం. షికాగో ఆయన ఆ రోజు షికాగోలోనే ఉన్నాడని, భార్య పుట్టినరోజు చేసుకున్నాడని ఆయన లాయర్ చెప్పాడు. వాషింగ్టన్‌కి అది దాదాపు వెయ్యి కిలోమీటర్ల దూరం. ఇలాంటి జవాబు వస్తే నమ్మేయరు, కొట్టిపారేయరు కూడా. బిల్లులు, కుటుంబం కాని సాక్షులు ఉన్నారా అని చూస్తారు.

జనవరి 14న అసలు మనిషి అరెస్టయ్యాడు. పెన్సిల్వేనియాలోని చెస్టర్ అనే ఊళ్లో ఫైర్ డిపార్ట్‌మెంట్ నుంచి రిటైరైనవాడు. సీఎఫ్‌డీలో సీ అంటే చెస్టర్! అతన్ని ముందు నుంచీ తెలిసిన స్నేహితుడే ఎఫ్‌బీఐకి సమాచారం ఇచ్చాడు. తాను బస్సులో వాషింగ్టన్ వెళ్లానని అతను ఆ స్నేహితుడితో చెప్పుకున్నాడు.

తేడా చూడండి. షికాగో పేరుని వేల మంది షేర్ చేశారు, కానీ ఆ వేల మందీ ఒకే ఊహని కాపీ కొట్టినవాళ్లు. అంటే సోర్స్ ఒక్కటే, అది కూడా "పోలిక ఉంది" అనే మాట. చెస్టర్ కేసులో వీడియో ఒకటి, మనిషిని దగ్గరగా తెలిసిన స్నేహితుడు ఇంకొకటి, ప్రయాణం గురించి అతనే చెప్పిన మాట, ఉద్యోగ చరిత్ర ఇంకొన్ని. ఒకటి తప్పయినా మిగతావి నిలబడతాయి. స్వతంత్ర సోర్సులు అంటే ఇదే.

ఇవన్నీ కుదరకపోతే? అప్పుడు వార్తలో "టోపీ పెట్టుకున్న ఒక వ్యక్తి" అని రాసి పేరు ఆపేస్తారు. కాబట్టి ఈసారి ఎర్ర సున్నా ఫోటో వస్తే, పంపినవాళ్లని ఒకటే అడగండి: "ఈ పేరు మొదట ఎవరు చెప్పారు, వాళ్లకి ఎలా తెలుసు?" జవాబు "అందరూ అంటున్నారు" అయితే, ఆ ఫోటో మీ దగ్గరే ఆగాలి.