రజస్వల కావడం మొదలు కాదు

చిమ్మిలి పంచి, ఓణీల ఫంక్షన్‌కి ముహూర్తం చూసేనాటికి ఆ పిల్ల ఒంట్లో జరగాల్సినదాంట్లో చాలాభాగం జరిగిపోయి ఉంటుంది. మన ఇళ్ళల్లో ఆడపిల్ల ఎదుగుదలను తొలి ముట్టు నుంచి లెక్కపెడతాం. డాక్టర్ల లెక్క మాత్రం అంతకు రెండు, రెండున్నర ఏళ్ళ ముందే మొదలవుతుంది. ఆ ముందరి రెండేళ్ళను పెద్దవాళ్ళు పట్టించుకోకపోవడం వల్లే, వయసుకు ముందే ఈడేరుతున్న పిల్లలు చాలామంది చేతులు కాలాక ఆసుపత్రికి వస్తారు.

మొదటి గుర్తు రొమ్ము మొగ్గ. చనుమొన కింద రేగుగింజంత గట్టిగా చేతికి తగులుతుంది, నొక్కితే నొప్పి. చాలామందిలో ముందు ఒకవైపే వస్తుంది, రెండోవైపు రావడానికి కొన్ని నెలలు పట్టవచ్చు. ఒకవైపే గడ్డ కనిపించేసరికి తల్లులు హడలిపోయి క్యాన్సరేమో అనుకుంటారు. ఈ వయసులో అది దాదాపు ఎప్పుడూ కాదు. దాన్ని కోసి పరీక్షకు పంపితే ఆ వైపు రొమ్ము పెరగకుండానే పోతుంది కాబట్టి, ఆ జోలికి వెళ్ళకూడదు. ఎనిమిది నుంచి పదమూడేళ్ళ మధ్య ఎప్పుడు మొదలైనా మామూలే.

తర్వాత కొన్ని నెలలకు మర్మాంగాల దగ్గర, ఇంకొన్నాళ్ళకు చంకల్లో వెంట్రుకలు వస్తాయి. కొందరిలో వెంట్రుకలే ముందు రావచ్చు. ఈలోపే పిల్ల పొడవు సాగడం మొదలవుతుంది. అంతకుముందు ఏడాదికి అయిదారు సెంటీమీటర్లు పెరిగే పిల్ల ఇప్పుడు ఎనిమిది దాకా పెరుగుతుంది. ఆరో తరగతిలో ఆడపిల్లలు మగపిల్లల్ని మించి పొడుగ్గా కనిపించడానికి కారణం ఇదే. తొలి ముట్టుకు కొన్ని నెలల ముందు తెల్లబట్ట కూడా అవుతుంది. దురద, దుర్వాసన లేకపోతే దానికి మందు అక్కర్లేదు.

వీటన్నిటి తర్వాత వచ్చేది ముట్టు. అప్పటికి పొడవు పెరిగే వేగం తగ్గుముఖం పట్టి ఉంటుంది. ఆ తర్వాత సగటున మరో అయిదు నుంచి ఏడు సెంటీమీటర్లు పెరుగుతారు, అంతే. "పెద్దమనిషి అయింది, ఇక పొడుగు సాగుతుంది" అనే మాట తిరగేసి చెప్పాల్సిన మాట.

ఈ వరసను ఇంగ్లండులో ఒక బాలల గృహంలోని ఆడపిల్లల్ని ఏళ్ళ తరబడి కొలిచి, ఫొటోలు తీసి మార్షల్, టానర్ అనే ఇద్దరు 1969లో ప్రచురించారు. డాక్టర్ చీటీ మీద "టానర్ 2", "టానర్ 3" అని రాసేది ఆ అయిదు మెట్ల లెక్కే. ఒకటి అంటే ఇంకా చిన్నపిల్లే, రెండు అంటే మొగ్గ తొడిగింది, అయిదు అంటే ఎదుగుదల పూర్తయింది.

ఇక ముందుగా వచ్చే సంగతి. ఏడేళ్ళ రెండు నెలల పాప ఉందనుకుందాం. స్నానం చేయించేటప్పుడు ఎడమవైపు నొప్పి అంటుంది. కాస్త ఒళ్ళున్న పిల్ల కాబట్టి కొవ్వేలే అనుకుంటుంది తల్లి. కొవ్వు మెత్తగా ఉంటుంది, మొగ్గ గట్టిగా గుండ్రంగా తగులుతుంది. పాపను పడుకోబెట్టి వేలితో చూస్తే తేడా చాలావరకు తెలిసిపోతుంది. ఆరు నెలలకు రెండోవైపూ వచ్చింది. తలుపు మీద పెన్సిల్ గీతలు చూస్తే ఈ ఆరు నెలల్లోనే నాలుగున్నర సెంటీమీటర్లు పెరిగింది. "భలే పొడుగవుతోందే" అని చుట్టాలు సంబరపడతారు. డాక్టర్‌కి మాత్రం సందేహం వచ్చేది సరిగ్గా అక్కడే.

ఎనిమిదేళ్ళలోపు మొగ్గ వస్తే పిల్లల హార్మోన్ల డాక్టర్‌కి, అంటే పీడియాట్రిక్ ఎండోక్రైనాలజిస్ట్‌కి చూపించాలి. ఆయన ముందు ఎడమచేతి మణికట్టు ఎక్స్‌రే తీయిస్తాడు. ఎముకల ఎదుగుదల ఏ వయసు పిల్లలా ఉందో అందులో తెలుస్తుంది. మన పాపకు ఎముకల వయసు పదేళ్ళని వచ్చిందనుకోండి, ఆ పొడవు ముందుగా వాడేసుకున్న పొడవన్నమాట. ఎముకల చివర్లు త్వరగా అతుక్కుపోయి, ఇప్పుడు తరగతిలో అందరికన్నా పొడుగున్న పిల్ల రేపు పొట్టిగా మిగలవచ్చు. దాంతోపాటు ఎల్.హెచ్. అనే హార్మోన్‌కి రక్తపరీక్ష, పొట్ట స్కానింగ్ ఉంటాయి. వయసు ఆరేళ్ళలోపు అయినా, తలనొప్పి, చూపు మసక లాంటివి ఉన్నా మెదడుకు ఎం.ఆర్.ఐ. తీస్తారు. ఆడపిల్లల్లో చాలాసార్లు ఏ జబ్బూ కనబడదు. మెదడు తన గంట కాస్త ముందు కొట్టిందంతే.

అందరికీ మందు అవసరం పడదు. ఆరేడు నెలలు చూస్తే మార్పులు మెల్లగా సాగుతున్నాయా, పరుగెడుతున్నాయా తెలుస్తుంది. పరుగెడుతుంటే నెలకో, మూడు నెలలకో ఒక ఇంజెక్షన్ ఇచ్చి ఆ ప్రక్రియను ఆపి ఉంచుతారు. చిన్న వయసులో మొదలుపెడితే పొడవు విషయంలో ఎక్కువ మేలు. పదకొండేళ్ళ ప్రాంతంలో మానేస్తే తర్వాత ఏడాది, ఏడాదిన్నరలో ముట్టు వస్తుంది. పిల్లలు పుట్టరేమోనన్న భయం అక్కర్లేదు.

కారణం అడిగితే ఊరంతా చికెన్ మీదకే తోస్తుంది. దానికి గట్టి ఆధారం లేదు. అధిక బరువుకు, ముందుగా ఈడేరడానికి ఉన్న సంబంధం మాత్రం స్పష్టంగానే కనిపిస్తోంది.

వరస తప్పినా గమనించాలి. మొగ్గే లేకుండా రక్తం కనబడితే అది ముట్టు కాదు. లోపల ఏదైనా ఇరుక్కుందా, దెబ్బ తగిలిందా, ఎవరైనా పాపను బాధపెట్టారా, గడ్డ ఏమైనా ఉందా అని అదే రోజు చూపించాలి. ఏడాది, రెండేళ్ళ పసిపిల్లల్లో మొగ్గలా కనబడి, పొడవులో తేడా లేకపోతే అది చాలావరకు దానంతటదే తగ్గిపోతుంది. అయినా ఒకసారి డాక్టర్ చెయ్యి పడటం మంచిది.

ఆలస్యానికి మూడు హద్దులు గుర్తుంటే చాలు: పదమూడేళ్ళు నిండినా మొగ్గ లేకపోవడం, పదిహేనేళ్ళు నిండినా ముట్టు రాకపోవడం, మొగ్గ వచ్చి మూడేళ్ళయినా ముట్టు రాకపోవడం. "వాళ్ళమ్మా లేటుగానే అయింది" అన్నది కొన్నిసార్లు నిజమే. కానీ ఆ నమ్మకంతో ఆగిపోతే టర్నర్ సిండ్రోమ్ లాంటిది దాటిపోతుంది. రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకటి లేకపోవడమో, దెబ్బతినడమో దీనికి మూలం; సుమారు రెండు, రెండున్నర వేల మంది ఆడపిల్లల్లో ఒకరికి ఉంటుంది. ఆ పిల్ల చిన్నప్పటినుంచీ తరగతిలో అందరికన్నా పొట్టి. క్రోమోజోముల రక్తపరీక్షతో తేలిపోతుంది. గ్రోత్ హార్మోన్ ఎముకలు అతుక్కోకముందే పనిచేస్తుంది కాబట్టి, పదిహేనేళ్ళకు కాక ఏడెనిమిదేళ్ళకే పొట్టితనం చూసి వస్తే ఆ పిల్లకు దక్కేది ఎక్కువ. థైరాయిడ్ లోపం, తిండి సరిపడక బరువు తగ్గిపోవడం, విపరీతమైన క్రీడా శిక్షణ కూడా ఆలస్యానికి కారణాలే.

ఇంకో రకం ఉంది, ఎక్కువగా పొరపాటు పడేది దీంట్లోనే. పద్నాలుగేళ్ళ పిల్ల, రొమ్ములు బాగా ఎదిగాయి, ముట్టు మాత్రం రాలేదు. నెలకోసారి మూడు నాలుగు రోజులు పొత్తికడుపులో నొప్పి. గ్యాస్ అని ఒకసారి, నులిపురుగులని ఒకసారి మందులు మింగిస్తారు. ఒకరోజు మూత్రం కూడా ఆగిపోయి పరుగెత్తుకొస్తారు. నిజానికి ఆమెకు ముట్టు వస్తూనే ఉంది. యోని ద్వారం దగ్గర పుట్టుకతోనే పొర పూర్తిగా మూసుకుపోయి, నెలనెలా రక్తం లోపలే నిలిచిపోతోంది. స్కానింగ్‌లో అది కనబడుతుంది. మత్తు ఇచ్చి ఆ పొరను కోసి నిలవ రక్తం బయటికి పంపడం చిన్న ఆపరేషనే. ఆ తర్వాత ముట్టు మామూలుగా వస్తుంది.