మూత తీశాక లెక్క వేరు

ప్రయాణాల్లో పనికొస్తాయని తెచ్చుకునే లీటరు టెట్రా ప్యాకు పాలనే తీసుకోండి. పైఅంచు మీద చిన్న చిన్న నల్ల చుక్కలతో మూడు వరుసలు కొట్టి ఉంటాయి. బ్యాచ్ నంబరు 5142, ప్యాకింగ్ తేదీ 22/05/25, వాడాల్సిన గడువు 17/11/25 అని ఉందనుకుందాం. మన దేశంలో రోజు ముందు, నెల తర్వాత రాస్తారు కాబట్టి ఇది మే 22న నింపిన ప్యాకు, నవంబరు 17 దాకా బాగుంటుంది. అయితే ఆ మాట సీలు తీయని ప్యాకు గురించి మాత్రమే. దీన్ని ఆగస్టు 3న కత్తిరించారంటే ఆ క్షణం నుంచి నవంబరుతో పని లేదు. పక్కనే చిన్న అక్షరాల్లో, తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లో వాడేయమని రాసి ఉంటుంది. అంటే ఈ పాలకు అసలు గడువు ఆగస్టు 5.

ఆరు నెలలు నిలవ ఉన్న పాలు రెండు రోజుల్లో ఎందుకు పాడవుతాయి? ఫ్యాక్టరీలో వాటిని 135 డిగ్రీలు దాటించి కొన్ని సెకన్లు వేడిచేసి, సూక్ష్మక్రిములు లేని డబ్బాలో గాలి చొరబడకుండా నింపుతారు. అన్నాళ్లు కాపాడింది ఆ సీలే. కత్తెర పడగానే గాలి, దానితో క్రిములు లోపలికి వెళతాయి. ఇంకో సంగతి కూడా ఉంది. మామూలు పాలు పాడైతే పులుస్తాయి, కాస్తే విరుగుతాయి, మనకు తెలిసిపోతుంది. టెట్రా ప్యాకు పాలలో ఆ పులిపించే క్రిములు వేడికి ముందే చచ్చిపోయి ఉంటాయి. తర్వాత చేరినవి పాలను పులిపించకుండా చేదెక్కించవచ్చు. అందుకే పుల్లటి వాసన రాలేదు కదా అని ధీమాగా ఉండకూడదు. సీలు తీయకముందే ప్యాకు ఉబ్బితే, గడువు ఎంత మిగిలి ఉన్నా పారబోయాల్సిందే.

ఇక ఆ 5142 సంగతి. ఆ కంపెనీ పద్ధతిలో 5 అంటే 2025, 142 అంటే ఏడాదిలో 142వ రోజు అనుకుంటే, ఏప్రిల్ ఆఖరుకి 120 రోజులు, ఇంకో 22 కలిపితే మే 22 వస్తుంది. పక్కన అచ్చైన తేదీతో సరిపోయింది. పక్కన తేదీ ఉంది కాబట్టే సరిచూసుకోగలిగాం. ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. కొందరు అక్షరాలు వాడతారు, కొందరు యంత్రం నంబరు కలుపుతారు.

ఇది అసలు చిక్కు తెచ్చేది అమెరికా నుంచి పిల్లలు తెచ్చిచ్చే క్రీముల దగ్గర. మన దేశంలో అమ్మే కాస్మెటిక్స్ మీద ఏ నెల, ఏ సంవత్సరం లోపు వాడాలో ముద్రించి తీరాలి. అమెరికాలో మామూలు క్రీములకు అలాంటి చట్టం లేదు. తలకిందులు చేసి చూస్తే ఒక కోడ్, మూత తెరిచిన డబ్బా బొమ్మ, అందులో "12ఎం" అని మాత్రమే కనిపించవచ్చు. ఆ బొమ్మ యూరప్ నిబంధనలతో వచ్చింది. మొదటిసారి తెరిచిన రోజు నుంచి 12 నెలలు అని దాని అర్థం. తయారైన రోజు నుంచి అనుకుని కొందరు మంచి క్రీము పారేస్తుంటారు. తయారీ తేదీ కోసం ఆ కోడ్‌ను ఇంటర్నెట్‌లో విప్పిచూసే వాళ్లూ ఉన్నారు. సంవత్సరానికి ఒక్క అంకె వాడే కోడ్‌లో 5 అంటే 2015 కూడా కావచ్చు. కంపెనీ కస్టమర్ కేర్‌కి రాసి అడగడమే నమ్మకమైన దారి. అక్కడి ప్యాకెట్ల మీద నెల ముందు వస్తుందని కూడా గుర్తుంచుకోవాలి. 05/06/26 అని ఉంటే మే 6, జూన్ 5 కాదు.

క్రీములో నీళ్లుంటాయి. క్రిములు పెరగకుండా ప్రిజర్వేటివ్ కలుపుతారు. రోజూ వేలు ముంచుతుంటే దాని శక్తి సరిపోకుండా పోతుంది. అందుకే వెడల్పు మూతి డబ్బా కంటే పంపు సీసా నయం. నీళ్లు లేని పౌడరు, లిప్‌స్టిక్‌ ఇంకొంచెం ఎక్కువకాలం ఆగుతాయి. కంటికి వాడే మస్కారాకు మాత్రం మూడు నుంచి ఆరు నెలలే. క్రీములో నీరు విడిపోయినా, వాసన మారినా ఆపేయండి. అవేవీ కనిపించకుండానే పాడై ఉండవచ్చు కూడా. కాబట్టి తెరిచిన తేదీని మార్కర్‌తో డబ్బా అడుగున రాసేయడం మేలు. మూత మీద రాస్తే మూతలు మారిపోతాయి.

బ్యాచ్ నంబరు మనకు నిజంగా అక్కరకొచ్చేది తేడా చేసినప్పుడే. ఫలానా బ్యాచ్ వెనక్కి తీసుకుంటున్నామని కంపెనీ ప్రకటించినా, ముఖం మీద దద్దుర్లు వచ్చి మనం ఫిర్యాదు చేసినా, మొదట అడిగేది అదే. కొన్నిసార్లు అది అట్టపెట్టె మీద తప్ప డబ్బా మీద సరిగా కనిపించదు. తినే వస్తువైతే ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు. పెట్టె పారేసే ముందు ఆ నంబరు, తేదీలు పడేలా ఫోన్‌లో ఒక ఫొటో తీసుకోండి. చుక్కల అచ్చు తడి తగిలితే చెరిగిపోతుంది, 3 కాస్తా 8లా కనిపిస్తుంది.