ఏడో తరగతి పిల్లాడి చుట్టూ ఎనిమిది స్లైడ్లు

బీఈడీ తరగతిలో సహిత విద్య మీద సెమినార్ అంటే చాలాచోట్ల ఒకటే తంతు. 1994 నాటి సలమాంకా ప్రకటన, 2009 విద్యాహక్కు చట్టం, నిర్వచనాలు, పక్కన రంగురంగుల బొమ్మలు. ఉపన్యాసకుడు స్లైడ్ చదువుతాడు, వినేవాళ్లు ఫోన్లు చూసుకుంటారు.

ఇదే పావుగంటను ఒక పిల్లాడితో మొదలుపెడితే కథ మారుతుంది. ఏడో తరగతి, చూపు బాగా తక్కువ, కళ్లజోడు పెట్టుకున్నా బోర్డు మీది అక్షరాలు మసగ్గానే కనిపిస్తాయి అనుకుందాం. మొదటి స్లైడ్ శీర్షిక. రెండోదాంట్లో ఆ తరగతి గది. మూడోదాంట్లో అతని ముందున్న మూడు దారులు: ప్రత్యేక పాఠశాలకు పంపడం, మామూలు బడిలో చేర్చి అతన్నే సర్దుకోమనడం, బడే అతని కోసం మారడం. మూడోదే సహిత విద్య. నిర్వచనం ఇక వేరే చెప్పక్కర్లేదు.

నాలుగో స్లైడ్‌లో చట్టం, అదీ రెండే ముక్కల్లో. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలుంటే, 2016 చట్టం వాటిని 21 చేసింది. డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలు అందులో చేరాయి.

అసలు సరుకంతా ఐదు, ఆరు స్లైడ్లలో ఉండాలి. భిన్నాల కూడిక పాఠం తీసుకోండి. బోర్డు మీద 2/3 + 1/4 రాసి, "దీన్నీ దీన్నీ కలిపితే ఇదిగో ఇది" అంటే ఆ పిల్లాడికి ఏమీ అందదు. అదే మాస్టారు "మూడింట రెండు, నాలుగింట ఒకటి. హారాలు మూడు, నాలుగు, క.సా.గు. పన్నెండు. పన్నెండింట ఎనిమిది, పన్నెండింట మూడు, మొత్తం పన్నెండింట పదకొండు" అని రాస్తూనే పలికితే, వెనక బెంచీలో పరధ్యానంగా ఉన్నవాడూ అందుకుంటాడు. పైసా ఖర్చు లేదు! ముందు వరసలో, కిటికీ వెలుతురు ముఖాన కొట్టని చోట కూర్చోబెట్టడం, లెక్కలు నల్లటి పెద్ద అక్షరాల్లో ఇవ్వడం కూడా ఇక్కడే చెప్పాలి.

ఏడో స్లైడ్ పరీక్షది. రాయడానికి సహాయకుణ్ని పెట్టుకున్నవారికి గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని కేంద్రం 2018లో మార్గదర్శకాలిచ్చింది. ఎనిమిదోది సాయం ఎవరిదో చెబుతుంది. మన రెండు రాష్ట్రాల్లోనూ భవిత కేంద్రాలు, సహిత విద్య రిసోర్స్ టీచర్లు ఉన్నారు. అయితే రోజూ ఆ పాఠం చెప్పేది మాత్రం తరగతి మాస్టారే.

మార్కులు పోయేది ఎక్కడో తెలుసా? సహిత విద్య గురించి చెబుతూ, "పటంలో చూస్తున్నారుగా" అని పటాన్ని వర్ణించకుండా దాటేసే దగ్గర. చూపు లేని సహాధ్యాయి తరగతిలో ఉంటే, ఆ క్షణాన ఉపన్యాసం అతన్ని బయటపెట్టినట్టే. స్లైడ్‌కి ఐదారు లైన్లు మించకుండా పెద్ద అక్షరాల్లో పెట్టి, ముందురోజే చివరి బెంచీలో కూర్చుని ఒకసారి చదివి చూసుకోండి.