లాభం 40 లక్షలు, మిల్లు సంపాదించింది 5 లక్షలు

మిర్యాలగూడ వైపు ఒక రైసుమిల్లు ఉందనుకుందాం. మార్చి 31న లెక్కలు ముగించారు. పన్ను కట్టకముందు లాభం 40 లక్షలని తేలింది. ఏడాది మొదట్లో బ్యాంకులో 4 లక్షలుంటే ఇప్పుడు 9 లక్షలున్నాయి. లాభమూ ఉంది, నిల్వా పెరిగింది. అయినా ఆ యజమాని ధాన్యం తోలిన వాళ్లకు డబ్బు ఇవ్వడానికి వచ్చే వారం, పై వారం అంటున్నాడు. వడ్డీ కట్టే తేదీ దగ్గరపడితే కొత్త అప్పు కోసం తిరుగుతున్నాడు.

ఇందులో ఎవరూ అబద్ధం ఆడలేదు. లాభం లెక్క ఒక ప్రశ్నకు జవాబు చెబుతుంది, బ్యాంకు నిల్వ ఇంకో ప్రశ్నకు చెబుతుంది. ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందన్న మూడో ప్రశ్నకు ఆ రెండింటిలోనూ జవాబు లేదు. దాన్ని చెప్పడానికే క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ అనే పట్టిక ఉంది. ఏడాదిలో వచ్చిన ప్రతి రూపాయినీ, పోయిన ప్రతి రూపాయినీ అది మూడు పద్దుల్లో ఏదో ఒక దానిలో వేస్తుంది. రోజువారీ వ్యాపారంలో వచ్చీ పోయేది ఆపరేటింగ్ పద్దు. యంత్రాలు, భూములు, షేర్ల లాంటివి కొన్నా అమ్మినా ఇన్వెస్టింగ్ పద్దు. అప్పు తెచ్చినా తీర్చినా, యజమానులు డబ్బు పెట్టినా తీసుకున్నా ఫైనాన్సింగ్ పద్దు.

మన మిల్లు లెక్కను ఆ పద్దుల్లో వేసి చూద్దాం.

లాభం 40 లక్షల దగ్గర మొదలుపెడతారు. యంత్రాల తరుగుదల కింద 12 లక్షలు ఖర్చు రాశారు గానీ ఆ డబ్బు ఎవరి చేతికీ వెళ్లలేదు, కాబట్టి తిరిగి కలుపుతారు. వడ్డీ కింద రాసిన 18 లక్షలు నిజంగానే పోయాయి. కానీ వాటిని మూడో పద్దులో చూపాలి కాబట్టి ఇక్కడ వాటినీ తిరిగి కలుపుతారు. మొత్తం 70 లక్షలయింది. ఇక్కడి నుంచి తీసివేతలు మొదలవుతాయి. బియ్యం తీసుకున్న టోకు వ్యాపారుల బాకీలు ఏడాదిలో 35 లక్షలు పెరిగాయి. అమ్మకం జరిగింది, లాభంలోకి ఎక్కింది, డబ్బు మాత్రం చేతికి రాలేదు. గోదాములో ధాన్యం నిల్వ 28 లక్షలు పెరిగింది, అంటే అంత డబ్బు బస్తాలుగా మారి కూర్చుంది. ఆ రెండూ తీసేస్తే మిగిలేది 7 లక్షలు. ధాన్యం ఇచ్చిన వాళ్లకు ఈయన బాకీ 8 లక్షలు పెరిగింది. ఇవ్వకుండా ఆపిన డబ్బు ఇంకా ఈయన దగ్గరే ఉంది గనుక దాన్ని కలిపితే 15. పన్ను 10 లక్షలు కట్టాడు. ఆపరేటింగ్ పద్దులో చివరికి నిలిచింది 5 లక్షలు.

రెండో పద్దు చిన్నది. బియ్యంలో రంగు మారిన గింజలు ఏరే సార్టెక్స్ యంత్రానికి 45 లక్షలు పెట్టాడు. పాత లారీని పుస్తకాల్లో ఉన్న విలువకే 6 లక్షలకు అమ్మాడు. నికరంగా పోయింది 39 లక్షలు.

మూడో పద్దులో కొత్త అప్పులు 65 లక్షలు వచ్చాయి. పాత అప్పు కిస్తీలకు 8, వడ్డీకి 18 పోగా మిగిలింది 39 లక్షలు.

మూడూ కలిపితే 5 లక్షలు. అందుకే బ్యాంకు నిల్వ 4 నుంచి 9 అయింది. యంత్రానికి పోయిన 39 లక్షలకు అప్పుల నుంచి మిగిలిన 39 లక్షలు సరిగ్గా సరిపోయాయి. మిల్లు ఆడి సంపాదించింది 5 లక్షలు, కట్టాల్సిన వడ్డీ 18 లక్షలు. 40 లక్షల లాభం చూసి ఈ యజమానికి పిల్లనిచ్చేవాళ్లు తప్పకుండా చూడాల్సిన అంకె ఇది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, మన కంపెనీల వార్షిక నివేదికలు చదివేవాళ్లకు అది బాగా ముఖ్యం. కట్టిన వడ్డీని ఏ పద్దులో వేయాలన్నది దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికా నిబంధనల ప్రకారం అది ఆపరేటింగ్ పద్దులోకి వెళ్తుంది. మన ఇండ్ ఏఎస్ 7 ప్రకారం బ్యాంకుల్లాంటి ఆర్థిక సంస్థలు కాని కంపెనీలన్నీ దాన్ని ఫైనాన్సింగ్ పద్దులో వేయాలి. మన మిల్లు అమెరికాలో ఉంటే మొదటి పద్దులో ప్లస్ 5కు బదులు మైనస్ 13 కనపడేది. డబ్బు అదే, మిల్లు అదే, చూపే అంకె వేరు. అద్దెల విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. 2019 ఏప్రిల్ 1 నుంచి ఇండ్ ఏఎస్ 116 వచ్చాక, దీర్ఘకాలిక లీజు కింద కట్టే డబ్బులో చాలా భాగం ఫైనాన్సింగ్ పద్దులోకి మారింది. అద్దె దుకాణాలు ఎక్కువగా ఉన్న కంపెనీల ఆపరేటింగ్ అంకె, ఒక్క రూపాయి అదనంగా రాకుండానే పెరిగింది. అందుకే మన కంపెనీల పట్టికలో మొదటి పద్దు చూసినప్పుడు, మూడో పద్దులోకి దిగి వడ్డీ, లీజు చెల్లింపులు వెతికి వాటిని తీసేసి చూడడం నా అలవాటు.

ఇవి నిబంధనలు అనుమతించిన తేడాలు. ఇదే గీతను కావాలని జరిపితే ఏమవుతుందో చెప్పడానికి మన మిల్లునే ఇంకోసారి వాడుకుందాం. ఏడాది కరెంటు బిల్లులో 20 లక్షలను ఖర్చుగా రాయకుండా, యంత్రం మీద పెట్టిన డబ్బుగా రాశారనుకోండి. పన్ను సంగతి పక్కన పెడితే, లాభం 40 నుంచి 60 అవుతుంది. ఆపరేటింగ్ పద్దు 5 నుంచి 25కు ఎగబాకుతుంది. యంత్రాల మీద పెట్టింది 45 బదులు 65 అవుతుంది. బ్యాంకులో మాత్రం అవే 9 లక్షలు. నిల్వ బ్యాంకు పుస్తకంతో సరిపోతుంది, కూడికలో తప్పు దొరకదు. పైగా చూసేవాడికి మిల్లు బాగా నడుస్తున్నట్టూ, యజమాని ధైర్యంగా విస్తరిస్తున్నట్టూ అనిపిస్తుంది.

అమెరికాలో వరల్డ్‌కామ్ అనే పెద్ద టెలిఫోన్ కంపెనీ చేసింది అచ్చంగా ఇదే. మిసిసిపీ రాష్ట్రంలోని క్లింటన్ అనే చిన్న ఊళ్లో దాని ప్రధాన కార్యాలయం ఉండేది. తన ఖాతాదారుల కాల్స్ ఇతర కంపెనీల తీగల మీదుగా వెళ్లినందుకు అది కట్టే రుసుములను లైన్ కాస్ట్స్ అనేవారు. మిల్లుకు కరెంటు ఎలాగో ఆ కంపెనీకి ఇవి అలాగ, దాని ఖర్చులన్నిటిలో పెద్దవి. ఇంటర్నెట్ రద్దీ విపరీతంగా పెరుగుతుందని నమ్మి, వాడినా వాడకపోయినా డబ్బు కట్టేలా ఏళ్ల తరబడి ఒప్పందాలు చేసుకున్నారు. అనుకున్న రద్దీ రాలేదు, రుసుములు మాత్రం ఆగలేదు. లైన్ కాస్ట్స్ రాబడిలో 42 శాతం దగ్గర ఉంటాయని మార్కెట్‌కు అలవాటు చేశారు, అది దాటకూడదు. దాంతో 2001 మొదటి మూడు నెలల లెక్కల నుంచి, ఆ రుసుముల్లో కొంత భాగాన్ని ఖర్చు పద్దు నుంచి తీసి ఆస్తుల పద్దులోకి మార్చడం మొదలుపెట్టారు. ఒక్క 2001లోనే అలా మార్చింది 305.5 కోట్ల డాలర్లు. ఆ ఏడాది కంపెనీ చూపిన లాభం దాదాపు 140 కోట్లు. ఆ మార్పు లేకపోతే నష్టమే.

అంతర్గత ఆడిట్ విభాగం అధిపతి సింథియా కూపర్ బృందం 2002లో ఆస్తుల మీద పెట్టిన ఖర్చును పరిశీలిస్తుండగా ‘ప్రీపెయిడ్ కెపాసిటీ’ అనే మాట ఎదురైంది. అదేమిటని అడిగితే ఎవరూ సూటిగా చెప్పలేకపోయారు. ఏదైనా నిజంగా కొంటే దానికి మంజూరు కాగితం, బిల్లు, సరుకు అందిన రసీదు ఉంటాయి. ఇక్కడ కోట్ల డాలర్ల పద్దులకు అవేవీ లేవు. చివరికి జూన్ 25న కంపెనీ తానే ప్రకటించింది: 2001కి చెందిన 305.5 కోట్లు, 2002 మొదటి మూడు నెలలవి 79.7 కోట్లు, మొత్తం 385.2 కోట్ల డాలర్లు తప్పుగా రాశామని. జూలై 21న దివాలా పిటిషన్ వేసింది. తర్వాత తవ్వేకొద్దీ మొత్తం మోసం దాదాపు 1100 కోట్ల డాలర్లకు చేరింది. కంపెనీ అధిపతి బెర్నార్డ్ ఎబ్బర్స్‌కు 2005లో 25 ఏళ్ల జైలుశిక్ష పడింది. నేరం ఒప్పుకున్న ఆర్థిక అధికారి స్కాట్ సల్లివన్‌కు అయిదేళ్లు.

బయట కూర్చుని వార్షిక నివేదిక మాత్రమే చదివే మనకు ఆ మంజూరు కాగితాలు దొరకవు. అయినా ఒక చిన్న తీసివేత చేతిలో ఉంది. ఆపరేటింగ్ పద్దులో మిగిలిన డబ్బులోంచి యంత్రాలు, భవనాల లాంటి స్థిరాస్తుల మీద పెట్టింది తీసేయాలి. దీన్ని ఫ్రీ క్యాష్ ఫ్లో అంటారు. మన మిల్లు నిజం లెక్కలో 5 లోంచి 45 తీస్తే మైనస్ 40. దొంగలెక్కలో 25 లోంచి 65 తీసినా మైనస్ 40. ఒక పద్దు నుంచి ఎత్తి పక్క పద్దులో పడేసిన అంకె ఈ తీసివేతలో దానంతటదే రద్దవుతుంది. లాభమూ, ఆపరేటింగ్ అంకే ఏటేటా పెరుగుతూ, ఇది మాత్రం కదలకుండా ఉంటే అక్కడ ఆగి అడగాలి: ఆస్తుల మీద ఇంత పెట్టారు కదా, కొత్తగా ఏం వచ్చింది? ఎన్ని యంత్రాలు, ఎక్కడ? అదే రంగంలోని ఇతర కంపెనీలు ఖర్చు తగ్గించుకుంటున్న రోజుల్లో వీళ్లొక్కరే ఎందుకు కొంటున్నారు? నిజంగానే కొత్త మిల్లు కట్టేవాడికి కూడా ఈ అంకె కొన్నేళ్లు మైనస్‌లో ఉండొచ్చు. కానీ అతను మిల్లు చూపించగలడు.

ఈ తీసివేతకు అందని మోసమూ ఉంది, దాన్ని హైదరాబాదు మరచిపోలేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు రాసిన లేఖ ప్రకారం, పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనేలేవు. వరల్డ్‌కామ్ నిజంగా పోయిన డబ్బుకు పేరు మార్చింది. సత్యంలో లేని డబ్బును ఉన్నట్టు రాశారు. అలాంటప్పుడు ఆపరేటింగ్ పద్దూ బాగుంటుంది, తీసివేత చేసినా బాగుంటుంది, పట్టిక చివరి నిల్వ పుస్తకాల్లోని నిల్వతో పైసాతో సహా కలుస్తుంది. మూడు పద్దులూ పుస్తకాల్లో రాసి ఉన్న డబ్బునే పంచిపెడతాయి, ఆ డబ్బు ఉందో లేదో చెప్పవు. అది తేలాలంటే ఆడిటర్ కంపెనీ ఇచ్చిన కాగితాన్ని నమ్మకుండా, నేరుగా బ్యాంకుకే రాసి అక్కడి నుంచే జవాబు తెప్పించుకోవాలి.