తొమ్మిది మంది మాట

రాజపాళయంలో ఒక ఆవకాయ దుకాణం ఉందనుకుందాం. యజమాని తొమ్మిది మందిని ఐదుకు మార్కులు వేయమన్నాడు. 5, 5, 5, 5, 4, 4, 3, 3, 2 వచ్చాయి. సగటు 4. పక్క దుకాణానికి వందలమంది వేసిన సగటు 3.5 అట. "మనదే మేలు" అని బోర్డు పెట్టించబోయాడు. పెట్టవచ్చా?

మరో తొమ్మిది మందిని అడిగితే సగటు మారుతుంది. ఎంత మారవచ్చో చెప్పేదే కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్, అంటే విశ్వాస అంతరం. ఒక్కో మార్కుకూ సగటుకూ ఉన్న తేడాను వర్గం చేసి కలిపితే 10. మార్కుల సంఖ్యకు ఒకటి తక్కువ, అంటే 8తో భాగిస్తే 1.25. దాని వర్గమూలం సుమారు 1.12. తొమ్మిదికి వర్గమూలం 3 కనుక, 3తో భాగిస్తే 0.37.

ఇంత చిన్న నమూనాకు దీన్ని 2.31తో గుణించాలి. ఈ చిన్న నమూనాల లెక్కకు 1908లో దారి చూపినవాడు డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కర్మాగారంలో పనిచేసిన గాసెట్. ఫలితం 0.86. కాబట్టి అసలు సగటు 3.14కూ 4.86కూ మధ్య ఉండవచ్చు. 3.5 కూడా అందులోనే ఉంది. బోర్డు ఇప్పుడే వద్దు!

నూటికి 95 మంది మార్కులు ఈ హద్దుల్లో ఉంటాయని దీని అర్థం కాదు. ఇలాగే నూరుసార్లు తొమ్మిదేసి మందిని అడిగి లెక్క కడితే, సుమారు 95 సార్లు అసలు సగటు మన హద్దుల్లో చిక్కుతుందని అర్థం. ముప్ఫయ్యారు మందిని అడిగితే, మార్కులు ఇలాగే చెదిరి ఉంటే, హద్దుల వెడల్పు సగానికంటే తగ్గుతుంది. కానీ అడిగింది మన చుట్టాలనే అయితే ఏ లెక్కా కాపాడదు.