వెయ్యి మాటల సమీక్షకు ఒక్క వాక్యం

తెలుగు సినిమా సమీక్షకు ఒక స్థిరపడిన రూపం ఉంది. ముందు కథ, తర్వాత నటీనటులు, సాంకేతిక విభాగాలు, ప్లస్ పాయింట్లు, మైనస్ పాయింట్లు, చివర రేటింగ్, దాని పక్కనే ఒక్క వాక్యం. దీన్నే కొందరు బాటమ్ లైన్ అంటారు, కొందరు పంచ్‌లైన్ అంటారు, కొందరు ట్యాగ్‌లైన్ అంటారు. పైనున్నదంతా వదిలేసి ఈ ఒక్క వాక్యమే చదివి టికెట్ సంగతి తేల్చుకునేవాళ్లు చాలామంది. అందుకే సమీక్షలో అతి చిన్న భాగమైనా, అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్తగా రాయాల్సింది ఇదే. చాలాచోట్ల దీన్ని రాసేది సమీక్షకుడు కాదు, పేజీ కట్టే వేళకు డెస్క్‌లో ఉన్న సబ్ ఎడిటర్. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ఒక మనిషి అభిప్రాయాన్ని ఇంకొకరు కుదించేటప్పుడు మూడు విషయాలు చెడకూడదు. సినిమా నచ్చిందా లేదా అన్నది మొదటిది. ఎంత నచ్చింది, లేదా ఎంత నచ్చలేదు అన్నది రెండోది. ఎందుకు అన్నది మూడోది. మొదటిది తప్పితే ఎవరైనా పట్టేస్తారు. రెండోది తప్పితే సమీక్షకుడొక్కడే పట్టుకుంటాడు. మూడోది లేకపోతే ఎవరూ గమనించరు గానీ, ఆ వాక్యాన్ని ఏ సినిమా కిందైనా పెట్టేయవచ్చు. ‘ఒకసారి చూడొచ్చు’ అనేది అలాంటిదే. రెండున్నర, రెండు ముప్పావు రేటింగు వచ్చిన సినిమాలన్నిటికీ సరిపోతుంది కాబట్టి ఏ సినిమా గురించీ ఏమీ చెప్పదు.

పనిలోకి దిగేందుకు ఒక ఊహా సమీక్షను తీసుకోవచ్చు. సుమారు తొమ్మిది వందల మాటలు, రేటింగ్ 2.75. రిటైరైన ఆర్టీసీ డ్రైవర్ ఒకాయన పల్లెలో ఒంటరిగా ఉంటాడు. ఊళ్లోని పొలం అమ్మేద్దామని నగరం నుంచి కొడుకు వస్తాడు. సమీక్షలో దాదాపు సగం ఈ కథ చెప్పడానికే సరిపోయింది. ఆ తర్వాత తండ్రి పాత్ర వేసిన నటుడి మీద పెద్ద పేరా. ఫస్టాఫ్‌లో ఇద్దరి మాటలూ నిజం ఇంట్లో విన్నట్టే ఉన్నాయని మెచ్చుకోలు. ఇంటర్వెల్ తర్వాత పొలం కోసం ఒక విలన్ దిగుతాడు, ఫ్లాష్‌బ్యాక్ వస్తుంది, రెండు పెద్ద ఫైట్లు వస్తాయి. ‘దర్శకుడు తన కథను తానే నమ్మలేకపోయాడు’ అంటాడు సమీక్షకుడు. ఫైట్లు మాస్ ప్రేక్షకులకు నచ్చవచ్చని ఒక మాట అంటాడు. పతాక సన్నివేశంలో తండ్రి మళ్లీ ఆకట్టుకున్నాడని, కథను ఇంకాస్త నమ్మి ఉంటే గుర్తుండిపోయే సినిమా అయ్యేదని ముగిస్తాడు.

మొదట చేయాల్సింది కథ చెప్పిన భాగాన్ని పూర్తిగా పక్కన పెట్టడం. అందులో సమాచారమే తప్ప తీర్పు లేదు. అయినా తొందరలో రాసే ట్యాగ్‌లైన్లు ఎక్కువగా అక్కణ్నుంచే పుడతాయి. ‘తండ్రీకొడుకుల అనుబంధానికి అద్దం పట్టిన చిత్రం’ అన్నది చూడటానికి బాగానే ఉంటుంది. కానీ సినిమా దేని గురించో మాత్రమే చెబుతుంది, సమీక్షకుడు ఏమన్నాడో చెప్పదు. పైగా మెచ్చుకోలులా వినిపిస్తుంది.

రెండో పని సమీక్షకుడి అభిప్రాయాన్ని, అతని అంచనాను వేరు చేయడం. ‘మాస్‌కు నచ్చవచ్చు’ అన్నది ఇతరుల గురించి అతను వేసిన లెక్క, అతనికి నచ్చిందని కాదు. మన సమీక్షల్లో ఈ రెండూ ఒకే పేరాలో కలిసిపోతుంటాయి. హీరో అభిమానులు, నిర్మాతలు, థియేటర్ల వాళ్లు అందరూ చదువుతారని తెలిసినవాడు చివర్లో ఇలాంటి మెత్తని మాట ఒకటి వేస్తాడు. దాన్నే ఎత్తి ‘మాస్‌కు పండగ’ అని పెడితే, అతను ఏ భాగాన్ని తప్పుబట్టాడో దాన్నే పొగిడినట్టు అవుతుంది. వెక్కిరింపుతోనూ ఇదే ప్రమాదం. ‘విలన్ రాగానే హాలంతా మేల్కొంది’ అన్న వ్యంగ్యం పేరాలో ఉన్నప్పుడు అర్థమవుతుంది, విడిగా తీస్తే ప్రశంసైపోతుంది.

మూడోది, ‘కానీ’ ఎటు తిరిగిందో చూడటం. పొగడ్తకు ఎన్ని మాటలు, తెగడ్తకు ఎన్ని మాటలు అని లెక్కపెడితే తీర్పు తేలదు. ఈ సమీక్షలో పొగడ్తే ఎక్కువ. అయినా రేటింగ్ మూడుకు చేరలేదు. తెలుగు వాక్యంలో క్రియ చివరికి వస్తుంది, బరువూ చివరికే పడుతుంది. ‘ఫైట్లు దారి తప్పించినా తండ్రి పాత్ర నిలబెట్టింది’ అంటే సినిమా గట్టెక్కినట్టు. ‘తండ్రి పాత్ర నిలబెట్టినా ఫైట్లు దారి తప్పించాయి’ అంటే గట్టెక్కనట్టు. మాటలు దాదాపు అవే, తీర్పులు రెండు. ఏది సరైనదో సమీక్షకుడి చివరి వాక్యాన్ని బట్టి తేల్చుకోవాలి. ‘గుర్తుండిపోయే సినిమా అయ్యేది’ అన్నాడంటే కాలేదనే. కాబట్టి లోపమే చివరికి రావాలి.

ఇక కుదింపు. ‘తండ్రి గెలిచాడు, కథ ఓడింది’ అన్నది చప్పున తట్టే లైను. విసురు ఉంది, కొలత మాత్రం తప్పు. సమీక్షకుడికి ఫస్టాఫ్ కథ నచ్చింది, తప్పంతా సెకండాఫ్‌దే. ‘సెకండాఫ్‌లో బోల్తా’ అంటే తండ్రి మాయమవుతాడు, రేటింగ్ ఒకటిన్నర అనిపిస్తుంది. ‘మనసుకు పట్టిన తండ్రి, పట్టు తప్పిన సెకండాఫ్’ అంటే నచ్చింది ఏమిటో, నచ్చనిది ఏమిటో, బరువు ఎటో మూడూ నిలిచాయి. ఇందులో ప్రాస ఉంది గానీ అది అర్థాన్ని లాక్కుపోలేదు. సినిమా పేరుతో పన్ను పేల్చాలన్న ఉబలాటంలో తీర్పునే మార్చేసే లైన్లు పేపర్లో తరచూ కనిపిస్తాయి. పేరు మీద చమత్కారం సరిగ్గా అతికితే సరే, అతకకపోతే వదిలేయడమే మేలు.

రాసిన లైను సరిపోయిందో లేదో చూడటానికి తేలికైన పద్ధతి ఉంది. సమీక్ష చదవని మనిషికి ఆ ఒక్క లైనే చూపించి, ఐదుకు ఎంత రేటింగ్ ఉంటుందో చెప్పమనాలి. రెండున్నరకూ మూడుకూ మధ్య చెబితే కొలత కుదిరింది. మూడున్నర అంటే లైను ఎక్కడో మెత్తబడింది.

లైను రాసేవాడు సినిమా అమ్మేవాడే అయితే ఏమవుతుందో 2015లో బ్రిటన్‌లో కనిపించింది. టామ్ హార్డీ కవలలుగా ద్విపాత్రాభినయం చేసిన ‘లెజెండ్’ పోస్టర్ నిండా పత్రికల నక్షత్రాలు వేశారు. గార్డియన్ పత్రిక ఇచ్చినవి రెండే నక్షత్రాలు. వాటిని ఇద్దరు హార్డీల తలల మధ్య ఇరికించారు. మిగతా నక్షత్రాలు తలల వెనక దాగి ఉన్నాయేమో అనిపించేలా కుదిర్చారు. పోస్టర్ మీద అబద్ధం ఒక్కటీ లేదు, సమీక్షకుడి అభిప్రాయమూ లేదు.

కొన్ని సమీక్షలు ఎంత పిండినా తీర్పునివ్వవు. సమీక్షకుడు నిజంగానే తేల్చుకోలేకపోయి ఉంటాడు. అలాంటప్పుడు డెస్క్ తన వంతు తీర్పు కలపకూడదు. ఫోన్ చేసి ‘చివరికి ఏమంటారండీ?’ అని అడగాలి. దొరక్కపోతే ఆ సందిగ్ధాన్నే లైనుగా పెట్టాలి. అదీ కుదరనప్పుడు రేటింగ్ ఒక్కటే వేసి, లైను చోటు ఖాళీగా వదిలేయాలి.